దుబాయ్‌లో కార్డు మిషను ‘రూపాయలా, దిర్హాములా’ అని అడిగితే ఏది నొక్కాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి. మా అబ్బాయి దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నేనూ మా ఇంటావిడా వచ్చే నెల పదిహేను రోజులు ఉండి రావడానికి వెళ్తున్నాం. అక్కడ షాపుల్లో కార్డు పెడితే మిషను రూపాయల్లో కడతారా, దిర్హాముల్లో కడతారా అని అడుగుతుందట. రూపాయలైతే ఎంత పోయిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది కదా, అదే మంచిది కాదా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం:

నమస్కారమండీ. దిర్హాముల్లోనే కట్టండి. షాపులోనైనా, హోటల్లోనైనా, ఏటీఎం దగ్గరైనా ఇదే మాట. రూపాయల అంకె అక్కడికక్కడే తెలుస్తుందన్నది నిజమే. కాని ఆ అంకెను లెక్కకట్టే మారకం రేటు మామూలు రేటు కన్నా సాధారణంగా నూటికి మూడు రూపాయల నుంచి ఏడెనిమిది రూపాయల దాకా ఎక్కువగా ఉంటుంది. దిర్హాముల్లో కడితే మన బ్యాంకు కూడా కొంత రుసుము తీసుకుంటుంది గాని, చాలా సందర్భాల్లో అది ఇంతకన్నా తక్కువే.

నేను శ్రీకాకుళం, విజయనగరం శాఖల్లో కలిపి ఇరవై ఆరేళ్లు బ్యాంకులో పనిచేశాను. అందులో చివరి ఆరేళ్లు కార్డు ఫిర్యాదులే నా పని. ఉద్దానం నుంచి గల్ఫ్‌కూ, సింగపూర్‌కూ వెళ్లి వచ్చేవారు ఎక్కువ కాబట్టి, ‘అక్కడ స్లిప్పులో ఒక అంకె ఉంది, ఇక్కడ స్టేట్‌మెంటులో ఇంకో అంకె వచ్చింది’ అంటూ వచ్చినవారితో చాలాసార్లు కూర్చుని లెక్కలు వేశాను. ఆ లెక్కల్లో తేలిన విషయాలే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, దిర్హాముల్ని రూపాయలుగా ఎవరు మారుస్తున్నారన్నది చూడాలి. మీరు దిర్హాముల్లో కడితే ఆ మొత్తం దిర్హాములుగానే వీసా లేదా మాస్టర్‌కార్డు దగ్గరికి వెళ్తుంది. ఆ సంస్థ తన రోజువారీ రేటుతో దాన్ని రూపాయల్లోకి మార్చి మన బ్యాంకుకు పంపుతుంది. ఈ రేటు బ్యాంకులు పెద్ద మొత్తాల్లో డబ్బు మార్చుకునే మార్కెట్ రేటుకు చాలా దగ్గరగా ఉంటుంది. దాని మీద మన బ్యాంకు విదేశీ మార్కప్ పేరుతో కొంత శాతం వేసుకుంటుంది. మన దగ్గర చాలా క్రెడిట్ కార్డులకు ఇది 2 నుంచి 3.5 శాతం వరకు ఉంటుంది. ఆ రుసుము మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ పడుతుంది. జీఎస్టీ పడేది రుసుము మీదే తప్ప మొత్తం బిల్లు మీద కాదు. చాలామంది ఇక్కడే కంగారు పడతారు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

అదే మీరు రూపాయల్లో కట్టడానికి ఒప్పుకుంటే, మార్పిడి దుకాణంలోని మిషను దగ్గరే జరిగిపోతుంది. ఆ మిషను ఇచ్చిన అక్కడి బ్యాంకుగాని, దానితో ఒప్పందం ఉన్న మార్పిడి సంస్థగాని తనకు నచ్చిన రేటు వేస్తుంది. దీనినే డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. బ్యాంకుల్లో పొట్టిగా డీసీసీ అంటాం. ఆ అదనపు రేటులో దుకాణదారుకూ కొంత వాటా వెళ్తుంది. అందుకే కొన్నిచోట్ల కౌంటర్ దగ్గరి మనిషి మీరు అడగకుండానే ‘రూపాయల్లో చేయమంటారా’ అని ఎంతో మర్యాదగా అడుగుతాడు.

మీ కార్డు భారతదేశానిదని మిషనుకు ఎలా తెలుస్తుందన్న సందేహం రావచ్చు. కార్డు నంబరులోని మొదటి ఆరు లేదా ఎనిమిది అంకెలు దాన్ని ఏ బ్యాంకు, ఏ దేశంలో ఇచ్చిందో చెబుతాయి. కార్డు పెట్టగానే మిషను ఆ అంకెలు చదివి, రూపాయల కార్డు అని గుర్తించి, వెంటనే ఆ ప్రశ్న చూపిస్తుంది. అందువల్ల అది ప్రత్యేకంగా మీ కోసం ఇచ్చిన సౌకర్యమేమీ కాదు. పరాయి దేశపు కార్డు ఏది పెట్టినా, ఆ సదుపాయం ఉన్న మిషను అలాగే అడుగుతుంది.

ఇప్పుడు ఒక బిల్లు పూర్తిగా లెక్క వేసి చూద్దాం. పలాసకు చెందిన ఒక జీడిపప్పు వ్యాపారి దుబాయ్‌లో నాలుగు రోజులు హోటల్లో ఉండి వచ్చి, స్లిప్పు పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. బిల్లు 3,200 దిర్హాములు. లెక్క సులువుగా ఉండటానికి, ఆ రోజు నెట్‌వర్క్ రేటు, అంటే వీసా లేదా మాస్టర్‌కార్డు వేసే రేటు, దిర్హాముకు 23 రూపాయలు అనుకుందాం. ఆయన చేతిలోని స్లిప్పులో ముఖ్యమైన వరుసలు ఇలా ఉన్నాయి:

```
AMOUNT                AED 3,200.00
EXCHANGE RATE         1 INR = 0.041017 AED
MARKUP                6.00%
TRANSACTION CURRENCY  INR 78,016.00
```

ఆయన మొదట అన్నది ‘ఇందులో కమీషన్ ఏమీ వేయలేదు కదండీ’ అని. నిజమే, కమీషన్ అనే వరుస స్లిప్పులో ఎక్కడా లేదు. ఉన్నదంతా రేటులోనే ఉంది. తూకంలో ఏమీ కోయలేదని చెప్పి, కిలో ధరలోనే తీసేసుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదేనని చెప్పగానే, వ్యాపారి కాబట్టి ఆయనకు వెంటనే అర్థమైంది.

ఆ రేటు రాసిన తీరు గమనించండి. ఒక దిర్హాముకు ఎన్ని రూపాయలో రాయకుండా, ఒక రూపాయికి ఎంత దిర్హామో రాశారు. 23 రూపాయల రేటును ఇదే విధంగా తిరగేసి రాస్తే 0.043478 వస్తుంది. 0.041 అన్నా, 0.043 అన్నా కంటికి ఒకేలా ఉంటాయి. తేడా అంతా మూడో అంకెలో దాక్కుంది. దాన్ని తిప్పి, 1ని 0.041017తో భాగిస్తే దిర్హాముకు 24 రూపాయల 38 పైసలని తేలుతుంది. 23కీ, 24.38కీ ఉన్న తేడా ఎవరికైనా కనబడుతుంది. కాబట్టి రేటు ఇలా తిరగేసి రాసి ఉంటే, ఫోనులోని కాలిక్యులేటర్‌లో ఒకసారి భాగించి చూసుకోండి. ఇంకా సులువైన పద్ధతి కావాలంటే, రూపాయల మొత్తాన్ని దిర్హాముల మొత్తంతో భాగించండి. 78,016ను 3,200తో భాగిస్తే అదే 24.38 వస్తుంది.

ఆయన కట్టింది 78,016 రూపాయలతో అయిపోలేదు. స్టేట్‌మెంటులో మరో 780 రూపాయల 16 పైసలు, దాని మీద జీఎస్టీ 140 రూపాయల 43 పైసలు వచ్చాయి. ఆయన ఫిర్యాదు అసలు దీని మీదే: ‘రూపాయల్లోనే కట్టాను కదా, మళ్లీ విదేశీ రుసుము ఎందుకు?’ కారణం ఏమిటంటే, డబ్బు రూపాయల్లో ఉన్నా దుకాణం విదేశంలో ఉంది. లావాదేవీతో పాటు వచ్చే సమాచారంలో దుకాణం ఏ దేశంలో ఉందో తెలిపే కోడు కూడా ఉంటుంది. దాన్ని చూసి మన బ్యాంకులు కొన్ని డీసీసీ మార్కప్ పేరుతో 1 శాతం వేస్తాయి. కార్డును బట్టి అంతకన్నా ఎక్కువ కూడా ఉండవచ్చు. ఆయన కార్డుకు అది 1 శాతమని రుసుముల పట్టికలో స్పష్టంగానే రాసి ఉంది. మొత్తం మీద ఆ హోటల్ బిల్లుకు ఆయన చెల్లించింది 78,936 రూపాయల 59 పైసలు.

దిర్హాముల్లో కట్టి ఉంటే ఎంతయ్యేది? 3,200ను 23తో గుణిస్తే 73,600. ఆయన కార్డుకు విదేశీ మార్కప్ 3.5 శాతం, అంటే 2,576 రూపాయలు. దాని మీద జీఎస్టీ 463 రూపాయల 68 పైసలు. అన్నీ కలిపితే 76,639 రూపాయల 68 పైసలు. అంటే మన దగ్గర ఎక్కువ మార్కప్ ఉన్న కార్డుతోనే, ఒక్క బిల్లులో దాదాపు 2,297 రూపాయలు అదనంగా పోయాయి. అదే మార్కప్ 2 శాతం ఉన్న కార్డయితే దిర్హాముల్లో 75,337 రూపాయలతో అయిపోయేది. అప్పుడు తేడా దాదాపు 3,600. విదేశీ మార్కప్ అసలు లేని కార్డులు కూడా కొన్ని ఉన్నాయి. వాటితో 73,600 దగ్గరే ఆగేది, తేడా 5,300 దాటేది. మీ కార్డు ఎంత మంచిదైతే, రూపాయల బటన్ నొక్కినప్పుడు మీరు పోగొట్టుకునేది అంత ఎక్కువ. మార్కప్ లేని కార్డు ఏరికోరి తీసుకుని, అక్కడికి వెళ్లి రూపాయలకు ఒప్పుకున్నవారిని చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలిగేది.

పైన ‘చాలా సందర్భాల్లో’ అన్నాను గాని ‘ఎప్పుడూ’ అనలేదు. దానికి కారణముంది. 3.5 శాతం మార్కప్ మీద జీఎస్టీ కూడా కలిపితే 4.13 శాతం అవుతుంది. రూపాయల్లో కట్టినా పడే 1 శాతం రుసుము జీఎస్టీతో 1.18 శాతం. ఈ రెండింటినీ సరిచూస్తే, మిషను వేసే అదనపు రేటు దాదాపు 2.9 శాతం లోపు ఉంటేనే ఆ కార్డుకు రూపాయల్లో కట్టడం లాభం. 2 శాతం మార్కప్ కార్డుకైతే ఆ హద్దు 1.2 శాతం దగ్గరే ఉంటుంది. మార్కప్ లేని కార్డుకు అసలు లాభపడే అవకాశమే లేదు. నేను చూసిన స్లిప్పుల్లో 3 శాతం కన్నా తక్కువ ఉన్నవి చాలా అరుదు. పైగా స్లిప్పులో రాసే మార్కప్ శాతం ఏ రేటుతో పోల్చి రాశారో దాన్ని బట్టి మారుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 2020 ఏప్రిల్ నుంచి యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటుతో పోల్చి ఆ శాతం చూపాలన్న నిబంధన ఉంది. ఆ నిబంధన దుబాయ్‌కు వర్తించదు. అందుకని శాతాన్ని కాకుండా, దిర్హాముకు ఎన్ని రూపాయలు పడుతోందో అదే చూసుకోమని నా సలహా.

దుబాయ్ విషయంలో మీకు ఒక సౌలభ్యం ఉంది. దిర్హాము విలువను 1997 నుంచి డాలరుకు 3.6725గా స్థిరంగా ఉంచారు. కాబట్టి ఇంట్లో బయలుదేరే ముందు పేపర్లోనో, ఫోన్లోనో డాలరు రేటు చూసి, దాన్ని 3.6725తో భాగిస్తే దిర్హాము అసలు రేటు వచ్చేస్తుంది. డాలరు 84 రూపాయల 47 పైసలుంటే దిర్హాము 23 రూపాయలన్నమాట. ఆ అంకెను ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. పదిహేను రోజుల్లో అది కొద్దిపాటిగా మారవచ్చు గాని, మిషను వేసే ఆరు శాతం తేడాను పట్టుకోవడానికి ఆ చీటీ చాలు. ఒక ఫలానా రోజు రేటు కచ్చితంగా కావాలంటే వీసా, మాస్టర్‌కార్డు వెబ్‌సైట్లలో ఉన్న మారకం కాలిక్యులేటర్‌లో తేదీ, మీ బ్యాంకు మార్కప్ శాతం వేస్తే చూపిస్తుంది.

రూపాయల్లో కడితే అంకె ఖాయమవుతుందన్న మీ మాటకు కూడా నేరుగా జవాబు చెప్పాలి. దిర్హాముల్లో కట్టినప్పుడు ఫోనుకు వచ్చే మెసేజ్‌లో ఒక అంకె ఉంటుంది, స్టేట్‌మెంటులో కొద్దిగా వేరే అంకె ఉంటుంది. లావాదేవీ పూర్తిగా లెక్కకు వచ్చేది సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత, ఆ రోజు రేటుతో. మార్కప్, జీఎస్టీ కూడా కొన్ని బ్యాంకులు విడి వరుసలుగా తర్వాత వేస్తాయి. ఇది చూసి మోసం జరిగిందని భయపడి మా దగ్గరికి వచ్చినవారున్నారు. కాని రెండు మూడు రోజుల్లో రూపాయి కదలిక మామూలుగా ఒక శాతం కూడా ఉండదు, అది మీకు అనుకూలంగానూ ఉండవచ్చు. ఆ చిన్న అనిశ్చితిని తప్పించుకోవడానికి ఆరు శాతం ఇవ్వడం గిట్టుబాటు కాదండీ. రూపాయల్లో కట్టినా చివరి అంకె ఖాయం కాదని ఆ పలాస వ్యాపారి స్టేట్‌మెంటులోని 920 రూపాయలే చెబుతున్నాయి.

ఇక అక్కడ పొరపాటు ఎలా జరుగుతుందో చెబుతాను. చాలామంది తెలిసి ఒప్పుకోరు, వారి చేత ఒప్పించేస్తారు. కొన్నేళ్ల కిందట మా అమ్మాయిని చూడటానికి సింగపూర్ వెళ్లినప్పుడు ఇది నాకే జరిగింది. ఒక దుకాణంలో చేతి గడియారం కొన్నాను. కౌంటర్ దగ్గరి మనిషి కార్డు తీసుకుని, మిషను తనవైపు తిప్పుకుని, ఏదో నొక్కి, పిన్ను వేయమని నా వైపు జరిపాడు. తెర మీద అప్పటికే రూపాయల అంకె ఉంది. ఉద్యోగంలో ఇన్ని ఫిర్యాదులు చూసినవాణ్ణి కాబట్టి పిన్ను వేయకుండా ఎర్ర బటన్ నొక్కి, ‘సింగపూర్ డాలర్లలో చేయండి’ అన్నాను. ‘మీ కార్డుకు ఇలాగే వస్తుంది’ అన్నాడు. రెండోసారి కార్డు పెట్టమని అడిగి, మిషను నా ఎదురుగా ఉంచమన్నాను. ఈసారి తెర మీద ఒకవైపు `INR`, మరోవైపు `SGD` రెండూ కనబడ్డాయి. అంటే మొదటిసారి వచ్చిన ఆ ప్రశ్నకు నా బదులు అతనే జవాబు నొక్కేశాడన్నమాట.

కార్డు నెట్‌వర్కుల నిబంధన ప్రకారం ఆ ఎంపిక కార్డుదారుడిదే. రెండు కరెన్సీల్లో మొత్తాన్నీ, రేటునూ చూపించి, ఇష్టమైతేనే చేయాలి. ‘మీ కార్డుకు ఇలాగే వస్తుంది’ అన్న మాట నమ్మకండి. మిషను మీ చేతిలోకి తీసుకుని, పిన్ను వేసేముందు తెర మీద `AED` ఉందో `INR` ఉందో చూడండి. కార్డును తాకించి కట్టేటప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. అక్కడ చిన్న మొత్తాలకు పిన్ను అడగకపోవచ్చు కాబట్టి, ఆగి చూసుకునే అవకాశం మీకు తక్కువ. తాకించకముందే ‘దిర్హామ్’ అని నోటితో చెప్పేయడం మంచిది.

పొరపాటున రూపాయల్లో అయిపోయి స్లిప్పు బయటికి వచ్చిందనుకోండి. అప్పుడు కౌంటర్ వదలకండి. అక్కడికక్కడే ఆ లావాదేవీని ‘వాయిడ్’ చేయమని, మళ్లీ దిర్హాముల్లో చేయమని అడగండి. వాయిడ్ అంటే ఆ రోజు లెక్క మిషను నుంచి బ్యాంకుకు వెళ్లకముందే లావాదేవీని పూర్తిగా రద్దు చేయడం. రేటు ప్రసక్తి ఉండదు, మీకు ఒక పైసా పోదు. వాయిడ్ స్లిప్పు కూడా అడిగి తీసుకోండి. డెబిట్ కార్డయితే ఆ డబ్బు ఖాతాలో కొన్ని రోజులు నిలిచిపోయినట్టు కనబడవచ్చు, తర్వాత విడుదలవుతుంది.

‘రీఫండ్’ చేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, వాయిడే అడగండి. రీఫండ్ అనేది విడి లావాదేవీ. అది ఆ రోజుకు మిషనులో ఉన్న రేటుతో వెనక్కి వస్తుంది. కట్టినప్పుడు ఒక రేటు, తిరిగి వచ్చేటప్పుడు ఇంకో రేటు పడి, మధ్యలో డబ్బు తరిగిపోతుంది. మన బ్యాంకు మొదట వేసిన రుసుము కూడా రీఫండుతో తిరిగి వస్తుందన్న భరోసా లేదు. విజయనగరంలో ఉపాధ్యాయులుగా పనిచేస్తున్న ఒక భార్యాభర్తలు రద్దు చేసుకున్న టూరు డబ్బు ఇలాగే రూపాయల్లో వెనక్కి తెచ్చుకున్నారు. కట్టినదానికీ, వచ్చినదానికీ తేడా ఎందుకొచ్చిందో వారికి అర్థం కాలేదు. రెండు స్లిప్పుల మీద రెండు రేట్లు పక్కపక్కన పెట్టి చూపిస్తే గాని విషయం తేలలేదు.

మీరు మీ అబ్బాయి ఇంట్లోనే ఉంటారు కాబట్టి హోటల్ గొడవ మీకు ఉండకపోవచ్చు. అయినా రెండు మాటలు చెబుతాను, చదివే మిగతావారికి పనికొస్తుంది. హోటల్లో దిగేటప్పుడు కార్డు మీద కొంత మొత్తం నిలిపి ఉంచుతారు. అప్పుడు సంతకం పెట్టించే కాగితంలో, చివరి బిల్లు మీ స్వదేశపు కరెన్సీలో వేయడానికి అంగీకరిస్తున్నానన్న వాక్యం చిన్న అక్షరాల్లో ఉండవచ్చు. ఆ వాక్యం ఉంటే కొట్టేసి, పక్కన `Charge in AED only` అని రాసి సంతకం పెట్టండి. ఖాళీ చేసి వచ్చేటప్పుడు మళ్లీ నోటితో చెప్పండి.

ఏటీఎం దగ్గర ఇంకో రకం తికమక ఉంటుంది. డబ్బు మొత్తం ఎంచుకున్నాక తెర మీద ఒక రూపాయల రేటు చూపించి, కింద `ACCEPT CONVERSION`, `DECLINE CONVERSION` అని రెండు బటన్లు వస్తాయి. రెండోది నొక్కితే డబ్బే రాదేమోనని చాలామంది భయపడి మొదటిదే నొక్కుతారు. తిరస్కరించేది మార్పిడిని మాత్రమే, డబ్బు తీయడాన్ని కాదు. `DECLINE CONVERSION` నొక్కినా దిర్హాములు బయటికి వస్తాయి, లెక్క మాత్రం నెట్‌వర్క్ రేటుతో జరుగుతుంది. కొన్ని మిషన్లలో అదే బటన్ మీద `CONTINUE WITHOUT CONVERSION` అని ఉంటుంది. ఏటీఎం యజమాని వేసే విడి రుసుము వేరే విషయం. అది మీరు ఏది నొక్కినా ఉంటుంది, ముందే తెర మీద చూపిస్తారు. క్రెడిట్ కార్డుతో మాత్రం ఏటీఎంలో డబ్బు తీయకండి, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

మీరు ఇక్కడ బ్యాంకులో దిర్హాములు నింపుకున్న ఫారెక్స్ కార్డు పట్టుకెళ్తున్నట్లయితే, రూపాయలు నొక్కడం మరీ నష్టం. మీ కార్డులో ఉన్నవి దిర్హాములు, బిల్లు దిర్హాముల్లో, మధ్యలో అనవసరంగా రూపాయి వచ్చి కూర్చుంటుంది. మిషను దిర్హాముల్ని తన రేటుతో రూపాయలుగా మారుస్తుంది. ఆ రూపాయల్ని మీ కార్డు మళ్లీ దిర్హాములుగా మార్చి కోత వేస్తుంది. ఎక్కడా మార్పిడి అక్కర్లేని చోట రెండుసార్లు మార్పిడి జరిగి, రెండుసార్లు డబ్బు పోతుందన్నమాట. కొన్ని ఫారెక్స్ కార్డులు రూపాయల లావాదేవీని అసలు అనుమతించవు. అప్పుడు మిషను ‘డిక్లైన్డ్’ అంటుంది. కార్డు పాడైందనుకోకుండా మళ్లీ దిర్హాముల్లో చేయమనండి, చాలాసార్లు పని జరిగిపోతుంది.

ఇంటికి వచ్చాక స్టేట్‌మెంటు చూసి తెలుసుకున్నవారు ఏం చేయాలన్నది చివరి సంగతి. విదేశీ దుకాణం పేరు పక్కన దిర్హాముల అంకె లేకుండా రూపాయల అంకె ఒక్కటే ఉంటే, అది డీసీసీ అయి ఉంటుంది. మీరు ఒప్పుకోలేదని నిజంగా అనుకుంటే, స్టేట్‌మెంటు రాగానే ఆలస్యం చేయకుండా మీ బ్యాంకు కార్డు విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ‘నా అంగీకారం లేకుండా కరెన్సీ మార్చారు’ అని ఒక్క వాక్యంలో స్పష్టంగా రాసి, స్లిప్పు ఫొటో, దిర్హాముల్లో ఉన్న బిల్లు జతచేయండి. వీసా కార్డుల్లో ఇలాంటి వివాదానికి విడిగా ఒక కోడే ఉంది, 12.3, `Incorrect Currency`. ఆ మాట మీ ఫిర్యాదులో ఉంటే కౌంటర్ దగ్గర ఉన్నవారికి ఏ దారిన పంపాలో వెంటనే తెలుస్తుంది. ‘ఎక్కువ డబ్బు తీసుకున్నారు’ అని రాస్తే, రేటు అంతేనని జవాబిచ్చి ఫైలు మూసేసే ప్రమాదముంది.

అయితే ఇది ఎప్పుడూ గెలిచే ఫిర్యాదు కాదు. చాలా స్లిప్పుల అడుగున, నాకు కరెన్సీ ఎంచుకునే అవకాశం ఇచ్చారు, ఈ రేటుకు ఒప్పుకున్నాను అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఉంటుంది. దాని కింద మీ సంతకం ఉన్నా, తెర మీద మీరే రూపాయలు నొక్కి పిన్ను వేసినా, ఎంపిక మీదేనని దుకాణం తరఫు బ్యాంకు చూపిస్తుంది. ఆ పలాస వ్యాపారి స్లిప్పులో సరిగ్గా ఆ వాక్యం కిందే ఆయన సంతకం ఉంది. ఫిర్యాదు పంపాం గాని ఆయనకు ఏమీ తిరిగి రాలేదు. ఆ తర్వాతి ఏడు మళ్లీ దుబాయ్ వెళ్లేముందు ఫోన్ చేసి దిర్హాము రేటు అడిగి రాసుకున్నారు. తిరిగి వచ్చాక తెచ్చి చూపించిన స్లిప్పుల్లో `INR` అన్న మాటే లేదు.

మీకు నా చివరి సూచన ఒక్కటే. దిగిన రోజు మీ అబ్బాయి పక్కన ఉండగానే, పది పదిహేను దిర్హాముల చిన్న వస్తువేదైనా ఒక దుకాణంలో మీ కార్డుతోనే కొనండి. మిషను ఆ ప్రశ్న ఎలా అడుగుతుందో, బటన్లు ఎక్కడుంటాయో ఇద్దరూ చూస్తారు. వచ్చిన మెసేజ్‌లో `AED` ఉందో లేదో సరిచూసుకోండి. మీ కార్డు ఏ బ్యాంకుదో, క్రెడిట్టో డెబిట్టో ఇక్కడ రాస్తే, దాని రుసుముల పట్టికలో ఏ వరుస చూడాలో చెబుతాను. కార్డు నంబరు మాత్రం ఎక్కడా రాయకండి.